ఏడుకు రెండర్థాలు

తిరుపతి

నాయనా,

నీ కథ మొదటిసారి చదివితే విసుగొచ్చింది. రెండోసారి మూడో పేజీ దగ్గర ఆగిపోయాను. తిరుపతి హాస్టల్లో ఉన్న కుర్రాడికి చిత్తూరు నుంచి చెల్లెలు మెసేజ్ పెడుతుంది: `7vaku anna, nenu 10lam`. ఏడవకు అన్నా, నేను పదిలం. వాళ్ల నాన్న ఫోన్ లాక్కుని చూసినా "టెన్ లామ్" అని చదువుకుని ఇచ్చేస్తాడు. బాగుంది.

మరి ఆ కుర్రాడి మెసేజ్‌లకు ఏమొచ్చింది? `p1111 edi` అని రాశావు. పిల్లి ఏదీ అని తెలుసుకోవడానికి నాకు కాఫీ చల్లారేంత సేపు పట్టింది. ఈ రాతలో 1 అంటే i కావచ్చు, l కావచ్చు. పిల్లిలో i, l, l, i నాలుగూ ఒకటే అయిపోయాయి. ఇంకోచోట `m4m4 4 gantalaki ra`. మొదటి రెండు నాలుగులూ a, మూడోది నిజంగా నాలుగు. చదివేవాడు ఎక్కడ ఆగాలి?

ఇది పిచ్చిరాత కాదు, దీనికీ ఓ పద్ధతుంది. 1980లలో కంప్యూటర్ బులెటిన్ బోర్డుల మీద పుట్టింది. `1337` చూడు. 1 నిలబడ్డ L, 3 అటు తిరిగిన E, 7 పైకప్పు ఒకవైపే మిగిలిన T. చదివితే లీట్, అంటే ఎలీట్. తెలిసినవాళ్లం మేమే అని చెప్పుకోవడం ఒకటి, నిషేధించిన మాటల్ని పట్టే జల్లెడ నుంచి జారిపోవడం ఇంకొకటి. ఆ జల్లెడ అక్షరం అక్షరం పోల్చి చూసేది కాబట్టి, ఒక్కటి మారినా వదిలేసేది. తర్వాత 3ను E గా మార్చుకుని చూడడం నేర్పారు, ఆ ఎత్తు పాతబడింది.

అక్కడ అంకె ఆకారం పని చేస్తుంది. నీ కథలో చెల్లెలి ఏడులో అంకె పేరు పని చేస్తుంది. ఒక పాత్ర చేతికి ఒక్క తాళంచెవే ఇవ్వు. కుర్రాడు ఆకారాలతోనే రాయనీ, కానీ 1ని i కి మాత్రమే ఉంచి, హల్లుల జోలికి పోనీయకు. అప్పుడు `p1ll1` అవుతుంది, ఎవరైనా చదువుతారు. గంటలు చెప్పేటప్పుడు `nalugu` అని అక్షరాల్లో రాయించు. మెసేజ్ ఒక్కటే చీటీ మీద రాసి, కథ తెలియనివాళ్లకు చూపించు. రెండు రకాలుగా చదివారంటే మార్చు.

పేజర్ల రోజుల్లో నేనూ ఇలాంటి కథ ఒకటి రాశాను. కథానాయకుడికి `143` వస్తుంది. ఐ ఒకటి, లవ్ నాలుగు, యూ మూడు అక్షరాలు. దాన్ని వేసుకున్న పత్రికలో ప్రూఫ్ చూసినాయన దానికి ముందు "రూ." చేర్చాడు. ఆ అప్పు తీరిందా అని అడుగుతూ పాఠకుడొకాయన కార్డు రాశాడు. ఎడిటరుకు ఫోన్ చేస్తే, "అర్థమయ్యేలా రాయండి సార్" అన్నాడు. ఆ మంట ఇంకా ఆరలేదు.

అందుకే `7vaku` పక్కన మార్జిన్‌లో "ఇది తప్పు కాదు, దిద్దకండి" అని ఎర్రసిరాతో రాసి పంపు. ఏ పత్రికకు పంపాలని అడిగావు కదా, నా దగ్గరున్న అడ్రసులన్నీ నాతో మాటల్లేనివాళ్లవే.