సొంత అనుబంధ కంపెనీకే అమ్మిన సరుకును కన్సాలిడేటెడ్ లెక్కల్లో ఎందుకు తీసేస్తారు?

కన్సాలిడేటెడ్ లెక్కలు రెండు కంపెనీలనూ ఒకే సంస్థగా చూస్తాయి, తనకు తానే అమ్ముకున్నది అమ్మకం కాదు కాబట్టి తీసేస్తారు. బయటివాళ్లు కొన్నప్పుడే గ్రూపుకు లాభం వచ్చినట్టు.

భీమవరంలో రొయ్యల మేత తయారుచేసే కంపెనీ ఉందనుకుందాం. అమలాపురంలో మేత అమ్మే కంపెనీ పూర్తిగా దానిదే. 80 లక్షల ఖర్చుతో చేసిన మేతను దానికి కోటి రూపాయలకు అమ్మింది. ఆ కంపెనీ అందులో ముప్పావు వంతు రైతులకు 90 లక్షలకు అమ్మగా, పావు వంతు గోడౌన్‌లో మిగిలింది.

రెండు లెక్కలూ ఊరికే కలిపేస్తే అమ్మకాలు కోటీ 90 లక్షలు, లాభం 35 లక్షలు కనిపిస్తాయి. నిజానికి బయటి అమ్మకం 90 లక్షలే. అమ్ముడైన మేత తయారీ ఖర్చు 60 లక్షలు, కాబట్టి లాభం 30 లక్షలు. తేడా వచ్చిన 5 లక్షలు గోడౌన్ సరుకులో దాగి ఉన్నాయి: దాని అసలు ఖర్చు 20 లక్షలైతే, అమలాపురం పుస్తకాల్లో 25 లక్షలుగా ఉంది. చాలామంది కోటి రూపాయల అమ్మకాన్ని, కొనుగోలును కొట్టేసి, ఈ 5 లక్షలను మర్చిపోతారు. ఇద్దరి మధ్య బాకీ ఉంటే అదీ రెండువైపులా పోతుంది.

ఇలా తీసేస్తే కంపెనీల సొంత పుస్తకాలూ మారతాయని అనుకుంటారు. మారవు. ఆ అమ్మకం, ఇన్‌వాయిస్ ఎక్కడివక్కడే ఉంటాయి. సర్దుబాటు జరిగేది కలిపి వేసే షీట్‌లోనే, అందుకే మిగిలిన సరుకు సంగతి వచ్చే ఏడాది మళ్లీ చూసుకోవాలి.