గ్రాఫులో మూడో గీత కేంద్ర బ్యాంకు గీసేది కాదు

ప్రశ్న: "డబ్బు సృష్టించే అధికారం కేంద్ర బ్యాంకుదే, వడ్డీ రేటు ప్రకటించే అధికారమూ దానిదే. మరి రెండింటినీ తనకు నచ్చిన చోట ఒకేసారి ఎందుకు నిలపలేకపోతుంది? గ్రాఫు చూస్తే తెలిసిపోతుందంటారు. చూశాను, తెలియలేదు."

తెలియకపోవడంలో మీ తప్పేమీ లేదు. పుస్తకాల్లో అచ్చయ్యే బొమ్మలో నిలువుగా ద్రవ్య సరఫరా రేఖ, దానిని ఖండిస్తూ కిందికి వాలే డిమాండు రేఖ, ఆ రెండూ కలిసే చోటి నుంచి వడ్డీ రేటు అక్షం దాకా ఒక చుక్కల గీత ఉంటాయి. డిమాండు రేఖ కదలకుండా ఉన్నంతసేపు ఆ బొమ్మ చూసినవారికి సరఫరా కూడా, వడ్డీ కూడా బ్యాంకు చేతిలోనే ఉన్నట్టు కనిపిస్తుంది. నేను డిగ్రీ తరగతులకు చాలా ఏళ్లు అర్థశాస్త్రం చెప్పాను. ఈ విషయం నాకు కూడా పూర్తిగా పట్టుబడింది చదువుకునే రోజుల్లో కాదు, ఒక విద్యార్థిని బోర్డు దగ్గరికి వచ్చి నాతో వాదించిన రోజున.

ఆ అమ్మాయి అడ్డంగా ద్రవ్య పరిమాణాన్నీ, నిలువుగా వడ్డీ రేటునూ గుర్తించి, 1000 యూనిట్ల దగ్గర నిలువుగీత, 5 శాతం దగ్గర అడ్డగీత గీసింది. ఆ రెండూ కలిసిన బిందువు గుండా డిమాండు రేఖను పోనిచ్చి, "సార్, ఇక్కడ సరఫరా వెయ్యి, వడ్డీ అయిదు. రెండూ ఖాయమయ్యాయి కదా, ఇంకేం అడ్డం?" అని అడిగింది. నేను డస్టరు తీసుకుని డిమాండు రేఖను మాత్రమే తుడిచేశాను. బోర్డు మీద కేంద్ర బ్యాంకు గీసిన రెండు గీతలు మిగిలాయి. "ఇప్పుడు ప్రజల రేఖ మళ్లీ గీయమ్మా. అయితే అది ఈ కూడలి గుండానే ఎందుకు పోవాలో నాకు చెప్పు" అన్నాను. కాసేపు ఆలోచించి, ఈసారి రేఖను కొంచెం కుడివైపుగా గీసింది. మూడు గీతల మధ్య ఒక చిన్న త్రిభుజం ఏర్పడింది. మీ ప్రశ్నకు సమాధానం ఆ త్రిభుజంలోనే ఉంది.

దానికి అంకెలు పెట్టి చూద్దాం. ప్రజలు తమ వద్ద ఉంచుకోవాలనుకునే డబ్బు వారి ఆదాయంతో పాటు పెరుగుతుంది, వడ్డీ రేటు పెరిగితే తగ్గుతుంది. ఆ సంబంధం ఇలా ఉందనుకోండి: ద్రవ్య డిమాండు = 0.3 × ఆదాయం − 40 × వడ్డీ రేటు. ఆదాయం 4000 అయినప్పుడు 5 శాతం వడ్డీ దగ్గర డిమాండు 1200 లోంచి 200 పోగా సరిగ్గా 1000. కేంద్ర బ్యాంకు 1000 సరఫరా చేసి, 5 శాతం ప్రకటించి, రెండూ తన చెప్పుచేతల్లో ఉన్నాయని చెప్పుకోవచ్చు. ఇప్పుడు ఆదాయం 4200కు పెరిగిందనుకుందాం. అదే 5 శాతం దగ్గర ప్రజలకు 1060 కావాలి. త్రిభుజం మూడు మూలలూ ఇక్కడ తేలిపోతాయి. మొదటి మూల బ్యాంకు కోరుకునేది, 1000 యూనిట్లు, 5 శాతం. రెండోది సరఫరాను 1000 దగ్గర బిగించి ఉంచితే చేరే చోటు, వడ్డీ 6.5 శాతం. మూడోది వడ్డీని 5 దగ్గర బిగించి ఉంచితే చేరే చోటు, సరఫరా 1060. డిమాండు రేఖ మీద ఉన్నవి తరువాతి రెండు మూలలే. మొదటి మూల దానికి బయట ఉండిపోయింది. బ్యాంకు కావాలంటే మధ్యేమార్గంగా సరఫరాను 1030కి పెంచి, వడ్డీని 5.75 శాతానికి పోనివ్వవచ్చు. ఎటు పోయినా నడవవలసింది ఆ వాలు గీత మీదనే, దానిని గీసేది ప్రజలు.

మొదటి మూల దగ్గర ఎందుకు నిలవలేమో తెలియాలంటే బాండ్ల మార్కెట్టు చూడాలి. చాలా పుస్తకాలు "సమతౌల్యం కుదురుతుంది" అని ఒక్క ముక్కలో దాటవేసేది సరిగ్గా ఈ మెట్టునే. ప్రజల చేతిలో ఉన్నది 1000, కావలసింది 1060. కొరత పడిన ప్రతివాడూ తన బాండ్లు అమ్మి డబ్బు తెచ్చుకోవాలని చూస్తాడు. ఒకరు అమ్మితే మరొకరు కొనాలి కనుక డబ్బు చేతులు మారుతుందే గాని మొత్తం 1000 దాటదు. పరిమాణం పెరగదు, అమ్మేవారు తగ్గరు, కాబట్టి బాండు ధరే పడిపోతుంది. ఏటా 5 యూనిట్ల వడ్డీని శాశ్వతంగా చెల్లించే బాండు 5 శాతం దగ్గర 100 పలుకుతుంది. అదే బాండు 77కు దిగితే కొన్నవాడికి గిట్టుబాటు 6.5 శాతం. అంత వడ్డీ వదులుకుని డబ్బును ఊరికే పెట్టుకోవడం ఎవరికైనా కష్టమనిపిస్తుంది, 1000తోనే సరిపెట్టుకుంటారు, అమ్మకాలు ఆగుతాయి.

ధర పడకుండా ఆపాలంటే కేంద్ర బ్యాంకు తానే రంగంలోకి దిగి, జనం అమ్మజూపిన బాండ్లను 100కే కొనాలి. కొన్న ప్రతి బాండుకూ అది చెల్లించేది కొత్త డబ్బే. కేంద్ర బ్యాంకు వదిలిన ఒక్కో యూనిట్టు చివరికి ఎన్ని యూనిట్ల ద్రవ్యం అవుతుందో చెప్పే ద్రవ్య గుణకం 5 అయితే 12 యూనిట్ల బాండ్లు కొంటే చాలు, మిగిలిన 48 బ్యాంకుల రుణాల ద్వారా పుట్టి, మొత్తం 60 పెరుగుతుంది. పోనీ, అలా పెరిగిన డబ్బును వెనక్కి తీసుకుందామంటే బాండ్లు అమ్మాలి, అమ్మితే ధర మళ్లీ పడుతుంది. ఒక చేత్తో కొని ఇంకో చేత్తో అమ్మితే ఏమీ చేయనట్టే. వడ్డీని నిలపడమంటే ద్రవ్య పరిమాణాన్ని ప్రజలకు వదిలేయడమనీ, పరిమాణాన్ని నిలపడమంటే వడ్డీని వారికి వదిలేయడమనీ ఇక్కడే కళ్లకు కడుతుంది.

ఆ అమ్మాయి అంతటితో ఆగలేదు. "5 శాతం మించి ఎవరూ వడ్డీ తీసుకోకూడదని చట్టం చేసి, సరఫరాను కూడా వెయ్యి దగ్గరే ఉంచితే?" అని అడిగింది. అన్నేళ్లలో నేను విన్న ప్రశ్నల్లో ఇది చాలా మంచిది. అలా చేస్తే రెండు గీతలూ బోర్డు మీద అలాగే నిలబడతాయి, కానీ 60 యూనిట్ల కొరత మాత్రం తీరదు. అది అప్పు కోసం నిలబడే క్యూగా మారుతుంది. అప్పు ఎవరికి ఇవ్వాలో బ్యాంకులు ఎంచుకోవడం మొదలుపెడతాయి, దొరకనివారు ఫీజుల పేరిట ఎక్కువ చెల్లిస్తారు, లేదా చట్టం చూపు పడని చోట అంతకంటే ఎక్కువ వడ్డీకి తెచ్చుకుంటారు. కేంద్ర బ్యాంకు నిలిపింది కాగితం మీది రేటునే. డబ్బు అవసరమైనవాడు నిజంగా చెల్లించే రేటు దాని చేయి జారిపోయింది.

పత్రికల్లో "ద్రవ్య సరఫరాను తగ్గించడంతో పాటు వడ్డీ రేట్లను కూడా పెంచాలని కేంద్ర బ్యాంకు నిర్ణయించింది" వంటి వాక్యం చదివినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. అవి రెండు నిర్ణయాలు కావు. ఒకే చర్యను ఒక అక్షం మీద చూస్తే సరఫరా తగ్గింది, రెండో అక్షం మీద చూస్తే వడ్డీ పెరిగింది. ఈ ఒక్క "కూడా" చదివిన పాఠకులే రెండు మరలు ఉన్నాయనుకుని, రెండూ ఎందుకు బిగించరని అడుగుతారు.

ఈ త్రిభుజం ఒక దేశం అనుభవంలో ఎలా కనిపిస్తుందో చూడాలంటే 1970ల అమెరికాను మించిన ఉదాహరణ నాకు తెలియదు. 1975 నుంచి అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వు, చట్టసభ కోరిక మేరకు, ద్రవ్య వృద్ధికి లక్ష్యాలు ప్రకటించసాగింది. రోజువారీ పనిలో మాత్రం బ్యాంకులు ఒకరికొకరు రాత్రికి ఇచ్చుకునే అప్పుల రేటును ఇరుకైన హద్దుల్లో ఉంచుతూ వచ్చింది. అంటే రెండు గీతలూ తానే గీసింది. ధరలూ ఆదాయాలూ పెరిగి డిమాండు రేఖ కుడికి జరిగినప్పుడల్లా, రేటు హద్దు దాటకుండా, బ్యాంకులు తన దగ్గర ఉంచుకునే సొమ్మును, అంటే నిల్వలను, అదనంగా సరఫరా చేయవలసి వచ్చింది, ద్రవ్య లక్ష్యం తప్పింది. నా దృష్టిలో ఆ దశాబ్దపు ద్రవ్యోల్బణం అంతగా ముదరడానికి ఈ తికమక ముఖ్య కారణం.

1979 అక్టోబరు 6న పాల్ వోల్కర్ నాయకత్వంలో ఆ సంస్థ అడ్డగీతను వదిలేసింది. ఇకపై నిల్వల పరిమాణాన్ని చూసుకుంటామనీ, రేటు విస్తృతంగా కదిలినా ఊరుకుంటామనీ చెప్పింది. ఆ సెప్టెంబరులో సగటున 11 శాతం పైచిలుకు ఉన్న రేటు, 1980 ఏప్రిల్‌లో 17 శాతం దాటింది. అదే వసంతంలో ప్రభుత్వం రుణాల మీద ఆంక్షలు పెట్టడంతో జనం అప్పులు తగ్గించుకున్నారు, డిమాండు రేఖ ఎడమకు జరిగింది, జులై నాటికి రేటు 9 శాతానికి పడిపోయింది. 1981 జనవరికి మళ్లీ 19 శాతం. నిలువుగీతను పట్టుకుంటే డిమాండు రేఖ కదలికంతా వడ్డీ మీదికి ఎలా ఎక్కుతుందో ఈ అంకెలు చూపిస్తాయి. 1982 శరత్కాలానికి ఫెడరల్ రిజర్వు ఆ పద్ధతిని విడిచిపెట్టింది. ఏ దేశంలోనైనా బ్యాంకు నిజంగా దేనిని పట్టుకుందో తెలుసుకోవడానికి ప్రకటన చదవనక్కరలేదు. నెలనెలా ఏది ఊగుతోందో చూస్తే పట్టుకున్నది రెండోదని తెలుస్తుంది.

ఒక అభ్యంతరం వస్తుంది, న్యాయమైనదే. 2008 తరువాత ఫెడరల్ రిజర్వు వ్యవస్థలోకి అపారంగా నిల్వలు వదిలి కూడా రేటును తాను చెప్పిన చోటే ఉంచింది కదా, అక్కడ రెండూ దాని చేతిలో లేవా అంటారు. అది సాధ్యమైంది 2008 అక్టోబరు నుంచి అది బ్యాంకుల నిల్వల మీద వడ్డీ చెల్లించడం మొదలుపెట్టినందువల్ల. ఊరికే పడి ఉన్న నిల్వకే అంత వడ్డీ వస్తుంటే, అంతకంటే బాగా తక్కువకు బయట అప్పివ్వడానికి బ్యాంకుకు మనసొప్పదు. నిల్వల డిమాండు రేఖ ఆ రేటు దగ్గర దాదాపు చదునుగా పడుకుంటుంది. చదును భాగం మీద నిలువుగీతను ఎంత జరిపినా రేటు పెద్దగా మారదు. పైగా ఇది బ్యాంకులు కేంద్ర బ్యాంకు దగ్గర ఉంచుకునే నిల్వల సంగతి, ప్రజల చేతిలోని మొత్తం ద్రవ్యం అప్పటికీ దాని అదుపులో లేదు.

ఆ చదునుకూ ఒక అంచు ఉంది. ఫెడరల్ రిజర్వు తన బాండ్లను తగ్గించుకుంటూ పోగా, 2019 సెప్టెంబరు నాటికి నిల్వలు 1.4 లక్షల కోట్ల డాలర్ల దరిదాపులకు దిగాయి. పన్ను చెల్లింపులూ కొత్త ప్రభుత్వ బాండ్లకు కట్టవలసిన సొమ్మూ ఒకేసారి మీద పడ్డాయి. సెప్టెంబరు 17న రేటు దాని లక్ష్య పరిధిలోని 2.25 శాతం పై అంచును దాటి 2.30 శాతానికి పోయింది. ఆ ఉదయమే ఫెడరల్ రిజర్వు బాండ్లను పూచీగా తీసుకుని బ్యాంకుల చేతికి కొత్త నిల్వలు అందించడం మొదలుపెట్టింది.