పూర్వపక్షం ఎవరి పక్షం?

సందేహం: మా రైతు సంఘం కొర్రలకు మద్దతు ధర కోరుతూ ప్రభుత్వానికి విధాన పత్రం రాస్తోంది. మాకు ఎదురుగా వచ్చే వాదనలను ఒకచోట చేర్చి ‘పూర్వపక్షం’ అని శీర్షిక పెట్టాను. పూర్వపక్షం చేయడమంటే ఖండించడమే కదా అని మిత్రుడు ఆక్షేపించాడు. ఎవరి మాట సరైనది? – ఒక పాఠకుడు, అనంతపురం

సమాధానం: వాడుకను బట్టి మీ మిత్రుని మాట, శాస్త్రాన్ని బట్టి మీ మాట సరైనవి. ‘వాళ్ల వాదన పూర్వపక్షమైపోయింది’ అని మనవాళ్లు అనేది వీగిపోయిందనే అర్థంలోనే. కాని మీమాంసకుల చర్చాక్రమమైన అధికరణంలో విషయం, సంశయం తరువాత, సిద్ధాంతానికి ముందు నిలిచేది పూర్వపక్షం. ముందుగా చెప్పవలసిన పక్షం కనుక ఆ పేరు. చెప్పడమనే మొదటి పనిని మరచి, కొట్టివేయడమనే రెండవ పనికే ఆ పేరు పెట్టుకున్నాం. ఇప్పుడు అదీ పోయి ‘కౌంటర్ ఇచ్చాడు’ అంటున్నారు.

శంకరులు సాంఖ్యులను తోసిపుచ్చాక, తక్కిన వారికీ అదే సమాధానమంటూ ప్రధానమల్ల నిబర్హణ న్యాయాన్ని చెప్పారు. పెద్ద వస్తాదు పడితే చిన్నవాళ్లతో వేరుగా కుస్తీ పట్టనక్కరలేదని దాని భావం. ఇప్పటి విధాన పత్రాలలో కనబడేది దీనికి తలకిందులు. ‘రైతులకు అవగాహన లేదని కొందరంటారు’ అని బక్కవాణ్ణి బరిలోకి దింపి పడగొడతారు. ఆ మాట అధికారి మనసులో ఉండదు. వేరుశనగకు కేంద్రం మద్దతు ధర ప్రకటిస్తుంది, బజారు ఉంది, కాయ ఒలుచుకున్నా కట్టె పశువులకు మేతగా మిగులుతుంది. ఇవన్నీ వదిలి రైతు కొర్రలకు ఎందుకు మళ్లాలన్నది ఆయన ప్రశ్న. మీ ప్రధానమల్లుడు అదే.

దానికి సమాధానం చెప్పే ముందు ఒప్పుకోవలసింది ఒప్పుకోండి. కొర్ర గడ్డినీ పశువులు మేస్తాయి గాని, పోషకంలో అది వేరుశనగ కట్టెకు సాటి రాదు. ఆ తరువాత, ఊడలు దిగే వేళ వాన తప్పితే వేరుశనగలో కాయ నిలవదనీ, కొర్ర తక్కువ తడితో సుమారు మూడు నెలలలో కోతకు వస్తుందనీ చూపండి. సాక్ష్యంగా వానలు బాగా పడిన ఏడాదినీ ఎండిన ఏడాదినీ పక్కపక్కనే పెట్టాలి. ఎండిన ఏడాదిని మాత్రమే చూపితే చదివేవాడు రెండవ దానిని తానే వెతుక్కుంటాడు. ఇంత ఒప్పుకున్నాక మీ కోరికా కొంత తగ్గుతుంది: వేరుశనగ బదులు కొర్ర అనక, పొలంలో ఒక భాగానికి కొర్ర, కేంద్రం మద్దతు ధరల పట్టికలో లేని ఆ పంటకు ధర హామీ అనవలసి వస్తుంది.

రాసిన పూర్వపక్షాన్ని వేరుశనగ కొనే మండీ వ్యాపారికి చదివి వినిపించండి. ‘నేననేది ఇదే’ అని ఆయన అనకపోతే తిరగరాయండి.

శీర్షిక సంగతికి వస్తే, ‘పూర్వపక్షం’ ఉంచమనే నా మనసు చెబుతోంది. అయితే మీ మిత్రుని వలెనే అధికారీ పొరబడవచ్చు గనుక ‘ఆక్షేపణలు – సమాధానాలు’ అన్నా తప్పుపట్టను.