కార్డు అసలుదే, నంబరు అసలుదే, ప్రాక్టీసు చేసే హక్కు మాత్రం లేదు

ప్రశ్న: స్థలం కొంటున్నాం. తెలిసినవారి ద్వారా పరిచయమైన లాయరు గారు కాగితాలు చూసి లీగల్ ఒపీనియన్ రాసి ఇచ్చారు. అడిగితే కార్డు కూడా చూపించారు. ఆయన్ను నమ్మడానికి అది చాలా?

జవాబు:

చాలదండీ. నేనూ కార్డు చూసి తృప్తిపడినవాడినే.

మా బావమరిది స్నేహితుడి ద్వారా ఒక లాయరు గారు పరిచయమయ్యారు. ఇరవై ఏళ్ల అనుభవమన్నారు. లింకు డాక్యుమెంట్లూ, ఈసీ చూసి అయిదు పేజీల ఒపీనియన్ ఇచ్చారు. చివరి పేజీలో సంతకం, దాని కింద ఊదారంగు సీలు, సీలులో పేరు, అడ్వొకేట్ అన్న మాట, ఎన్‌రోల్‌మెంట్ నంబరు. ఇంకేం కావాలి అనుకుని అగ్రిమెంటుకు తేదీ కూడా పెట్టుకున్నాం.

రుణం కోసం వెళ్తే బ్యాంకు ప్యానెల్‌లోని లాయరు గారు ఆ కాగితం ఒకసారి తిప్పి చూసి, సీలు మీద వేలు పెట్టి, "ఈయన ఎన్నేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నారని చెప్పారు?" అని అడిగారు. ఇరవై అన్నాను. "నంబరు చివర 2011 ఉంది, చూశారా?" అన్నారు. అప్పటికి అది పదేళ్ల కిందటి సంవత్సరం.

ఎన్‌రోల్‌మెంట్ నంబరులో మామూలుగా మూడు భాగాలు ఉంటాయి: రాష్ట్రాన్ని సూచించే అక్షరాలు, వరుస సంఖ్య, పేరు నమోదైన సంవత్సరం. ఆ సంవత్సరాన్నీ ఆయన చెప్పుకున్న అనుభవాన్నీ పక్కపక్కన పెట్టి చూడటానికి అర నిమిషం పట్టదు. నాకది తట్టలేదు. రెండూ కుదరనంత మాత్రాన మోసమని కాదు. వేరే రాష్ట్రం నుంచి పేరు బదిలీ చేయించుకున్నవారూ ఉంటారు. కానీ ఎందుకు కుదరలేదో ఆయనే చెప్పాలి. అలాగే నంబరులో వేరే రాష్ట్రం అక్షరాలు ఉంటే కంగారు పడకండి. ఏ రాష్ట్ర బార్ కౌన్సిల్ రోల్‌లో, అంటే న్యాయవాదుల నమోదు జాబితాలో, ఉన్న న్యాయవాది అయినా దేశంలో ఎక్కడైనా ప్రాక్టీసు చేయవచ్చు.

మా లాయరు గారిని అడిగితే "జూనియర్‌గా పనిచేసిన కాలం కూడా కలిపి చెప్పాను" అన్నారు. నాకు నమ్మకం కుదరలేదు. రాష్ట్ర బార్ కౌన్సిల్ కార్యదర్శికి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. ముప్పై రోజుల్లోపే జవాబు వచ్చింది. ఆయన పేరు 2011లో నమోదైన మాట నిజమే. అయితే 2016లో పూర్తికాలపు ఉద్యోగంలో చేరుతూ, ఆ సంగతి ఆయనే కౌన్సిల్‌కు తెలియజేశారు. ఆ రోజు నుంచి ఆయన ప్రాక్టీసు నిలిపివేతలో ఉంది. తిరిగి మొదలుపెట్టడానికి దరఖాస్తు చేసుకోలేదు.

చాలామందికి తెలియని సంగతి ఇదే. రోల్‌లో పేరు ఉండటం వేరు, ఈ రోజు ప్రాక్టీసు చేసే హక్కు ఉండటం వేరు. జీతం తీసుకునే పూర్తికాలపు ఉద్యోగంలో చేరిన న్యాయవాది ఆ విషయం కౌన్సిల్‌కు చెప్పి, ఉద్యోగంలో ఉన్నంతకాలం ప్రాక్టీసు మానుకోవాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనల్లో ఉంది. పేరు రోల్ నుంచి పోదు, పాత సీలు సొరుగులోనే ఉంటుంది. క్రమశిక్షణ చర్య కింద కొంతకాలం సస్పెండైనవారి పరిస్థితీ ఇంతే. 2009-10 విద్యా సంవత్సరం నుంచి పట్టా పొందినవారికి ఇంకో మెట్టు ఉంది. వారు అఖిల భారత బార్ పరీక్ష ప్యాసై ప్రాక్టీసు సర్టిఫికెట్ తీసుకోవాలి. కొత్తవారి దగ్గర తాత్కాలిక ఎన్‌రోల్‌మెంట్ ఒక్కటే ఉందా, ఈ సర్టిఫికెట్ కూడా ఉందా అని అడగండి.

మీకు చూపించిన కార్డు ఎవరిచ్చిందో కూడా ఒకసారి చదవండి. దాని మీద బార్ అసోసియేషన్ అని ఉంటే అది ఆ కోర్టు న్యాయవాదుల సంఘంలో సభ్యత్వం మాత్రమే. ఎన్‌రోల్ చేసేది రాష్ట్ర బార్ కౌన్సిల్. రెండు పేర్లలోనూ బార్ ఉండటంతో నేనూ మొదట తేడా గమనించలేదు.

కౌన్సిల్‌కు రాసేటప్పుడు "ఈయన లాయరేనా?" అని అడిగితే "రోల్‌లో ఉన్నారు" అని ఒక్క ముక్కలో జవాబు వచ్చే ప్రమాదం ఉంది. పేరు, నంబరు రాసి, ఆ నంబరు ఆ పేరుదేనా, నమోదైన తేదీ ఏది, ఒపీనియన్ మీద ఉన్న తేదీ నాటికి ప్రాక్టీసు చేసే అర్హత ఉందా, స్వచ్ఛందంగా గానీ శిక్షగా గానీ నిలిపివేత ఏమైనా నడుస్తోందా అని విడివిడిగా అడగండి. ఇంటి చిరునామా, ఫోను నంబరు లాంటివి అడగవద్దు. వ్యక్తిగత సమాచారమని తిరస్కరించడానికి మీరే కారణం ఇచ్చినట్టవుతుంది.

ఈలోగా ఇ-కోర్ట్స్ సైటులో `Case Status` లోకి వెళ్లి `Advocate` అన్న చోట పేరు పెట్టి వెతకవచ్చు. రాష్ట్రం, జిల్లా, కోర్టు ఎంచుకుంటే ఆయన పేరున ఉన్న కేసులు కనిపిస్తాయి. దీన్ని సూచనగానే తీసుకోండి, రుజువుగా కాదు. పేరు స్పెల్లింగు మారితే దొరకదు. కాగితాల పని మాత్రమే చేసే మంచి లాయర్లకు కోర్టులో కేసులే ఉండకపోవచ్చు. మా లాయరు గారి పేరున మాత్రం అన్నీ 2016కు ముందువే కనిపించాయి.

ఇక ఆయన రాసిన కాగితాల సంగతి. అమ్మకపు దస్తావేజు ఎవరు రాశారన్నదాన్ని బట్టి చెల్లకుండా పోదు. దస్తావేజు లేఖరులు రాసినవి రోజూ రిజిస్టరవుతూనే ఉన్నాయి. సంతకాలు, స్టాంపు, రిజిస్ట్రేషన్ సరిగా ఉన్నాయా అన్నదే అక్కడ లెక్క. వకాల్తా అలా కాదు. ప్రాక్టీసు అర్హత లేనివారి పేరున వేసిన వకాల్తాతో కోర్టులో మీ తరఫున ఎవరూ లేనట్టే. హక్కు లేకుండా కోర్టులో ప్రాక్టీసు చేస్తే న్యాయవాదుల చట్టం, 1961 ప్రకారం ఆరు నెలల దాకా జైలు. మాతో మాట్లాడింది మా లాయరు గారు, ఆయన తయారుచేసిన నోటీసు మీద సంతకం చేసింది ఇంకొకరు, అడిగితే తన జూనియర్ అన్నారు. అప్పుడే అనుమానించాల్సింది.

ఒపీనియన్ ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. నిజం చెప్పాలంటే ఆయన రాసినదాంట్లో పెద్ద తప్పు లేదు. కొత్త లాయరు గారు ఇంకా వెనకటి సంవత్సరాల ఈసీ తెప్పించి చూసి, దాదాపు అదే మాట చెప్పారు. కానీ తప్పే ఉండి ఉంటే నేను ఎవరి దగ్గరికి వెళ్లాలి? న్యాయవాదుల సేవలు వినియోగదారుల చట్టం కిందికి రావని 2024 మే నెలలో సుప్రీంకోర్టు తేల్చింది. వృత్తిపరమైన దుష్ప్రవర్తన మీద ఫిర్యాదు బార్ కౌన్సిల్‌కే చేయాలి. ప్రాక్టీసు మానుకున్నానని కౌన్సిల్‌కు ఎప్పుడో రాసి ఇచ్చిన మనిషి మీద ఆ దారి ఎంత దూరం వెళ్తుందో ఆలోచించండి.

మీరు ఇంకా అడ్వాన్సు ఇవ్వకపోతే అగ్రిమెంటు తేదీని నెల రోజులు జరపండి. లాయరు గారిని నేరుగానే, "సార్, ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్, ప్రాక్టీసు సర్టిఫికెట్ జిరాక్సులు ఇస్తారా, ఫైల్లో పెట్టుకుంటాం" అని అడగండి. నేను తరువాత పెట్టుకున్న లాయరు గారిని నసుగుతూ అలాగే అడిగాను. ఆయన నవ్వి సొరుగులోంచి అప్పటికే తీసి ఉంచిన కాపీలు రెండు ఇచ్చి, "బ్యాంకువాళ్లూ ఇవే అడుగుతారండీ" అన్నారు.