‘ఆరంగుళాల ఎడం’ దేనికీ దేనికీ మధ్య?

సందేహం: అటకకు ప్లైవుడ్ బిగించే వడ్రంగికి ‘అంచుల్లో ఆరంగుళాల ఎడంలో స్క్రూలు వేయాలి’ అని కాగితం మీద రాసి ఇచ్చాను. అతను అంచు నుంచి ఆరంగుళాలు లోపలికి వేశాడు. తప్పు నా తెలుగుదా, అతని చదువుదా?

సమాధానం: తెలుగుదే ఎక్కువ. ‘ఎడం’ అన్న మాటకు రెండు కొసలు కావాలి. ఫలానా దానికీ ఫలానా దానికీ మధ్య ఎడం అని చెబితేనే అర్థం పూర్తవుతుంది. మీ వాక్యంలో కనిపిస్తున్నవి అంచు, స్క్రూ అన్న రెండే కనుక అతను ఆ రెంటి నడుమనే ఆరంగుళాలు కొలిచాడు. అయితే చట్రం చెక్క వెడల్పు రెండంగుళాలే అయినప్పుడు అంచు నుంచి ఆరంగుళాలు లోపలికి వేసిన స్క్రూ కింద చెక్కే ఉండదు. అటక కింద నిలబడి చూస్తే స్క్రూ మొనలు బయటికి పొడుచుకొని కనిపిస్తాయి. అది చూసైనా అతను ఆగి అడగవలసింది.

స్క్రూకూ స్క్రూకూ మధ్య దూరం చెప్పడానికి తెలుగులో ‘ఏసి’ ప్రత్యయం ఉంది. ‘ఆరేసి అంగుళాలకొక స్క్రూ’ అంటే ఆ దూరం వరుస పొడవునా మళ్లీ మళ్లీ వస్తుందని అర్థమవుతుంది; ‘ఆరు’ అంటే ఒక్కసారి కొలిచే దూరమని కూడా అనుకోవచ్చు. అంచు దూరానికి మాత్రం ‘లోపలికి’ అన్న మాట చేర్చడం మంచిది: ‘అంచు నుంచి అరంగుళం లోపలికి’. అంతకన్నా బాగా దగ్గరైతే ప్లై పొరలు చిట్లుతాయి. రెండు షీట్లు కలిసే చోట రెండంగుళాల చెక్కను ఆ రెండూ పంచుకోవాలి. నడుమ మూడు మిల్లీమీటర్ల సందు వదిలితే ఒక్కో షీటుకు దాదాపు 24 మిల్లీమీటర్ల ఆనిక దొరుకుతుంది. అందులో అరంగుళం దగ్గర స్క్రూ పడితే అది షీటు అంచుకూ చెక్క అంచుకూ సుమారుగా నడుమ ఉంటుంది.

లెక్కలోనూ మాట తడబడుతుంది. నాలుగడుగుల అంచుకు ఇరుమూలల దగ్గరా రెండేసి అంగుళాలు వదిలితే మిగిలేది 44 అంగుళాలు. అది ఆరింట సరిగా తెగదు కనుక ఎనిమిది భాగాలు చేస్తే ఒక్కొక్కటి ఐదున్నర అంగుళాలు అవుతుంది. ఎడాలు ఎనిమిదైతే స్క్రూలు తొమ్మిది కావాలి. అందుకే ‘ఆరేసి’ తరువాత ‘మించకుండా’ అని చేర్చాలి.

కాబట్టి కాగితం మీద ఇలా రాయండి: ‘షీటు అంచు నుంచి అరంగుళం లోపలికి, ఒక స్క్రూకూ పక్క స్క్రూకూ మధ్య ఆరేసి అంగుళాలకు మించకుండా వేయాలి, షీటు నడుమ వచ్చే అడ్డచెక్కల మీద పన్నెండేసి అంగుళాలు చాలు.’ ఇప్పుడు గాలిలో తేలిన స్క్రూలను తీయించి, చట్రం చెక్క ఎక్కడుందో షీటు మీద గీత గీయించి, ఆ గీత మీద మళ్లీ బిగించమనండి.