కథల పోటీకి వచ్చిన ఏఐ కథలను డిటెక్టర్‌తో ఏరేయవచ్చా?

ప్రశ్న: మా ఊళ్లో సాహితీ సంస్థ తరఫున ఏటా కథల పోటీ పెడతాం. ఈసారి వచ్చిన కథల్లో చాలావరకు ఏఐ రాసినట్టే ఉన్నాయి. డిటెక్టర్‌లో వేసి, ఏఐ రాసిన అవకాశం 70% దాటిందని చూపించినవన్నీ తీసేద్దామని కమిటీలో అంటున్నారు. ఇది న్యాయమేనా?

జవాబు: వద్దండి. మేం ఆ పని చేసి చేతులు కాల్చుకున్నాం.

రెండేళ్ల క్రితం ఒక చిన్న కథల పోటీకి నేను కన్వీనర్ని. మామూలుగా 90 కథలు వచ్చే చోట ఆ ఏడాది 300 దాటాయి. కంగారులో ఒక ఉచిత డిటెక్టర్ పట్టుకుని, ఎక్కువ శాతం చూపించినవి పక్కన పెట్టేశాం. అందులో ఒక కథ రిటైరైన మాస్టారిది. విషయం తెలిసి ఆయన లాంగ్ నోట్‌బుక్ చంకన పెట్టుకుని మా ఇంటికే వచ్చారు. పేజీ నిండా కొట్టివేతలు. మొదటి నాలుగు పేజీల్లో రామారావుగా ఉన్న మనిషి అయిదో పేజీలో సూర్యం అయ్యాడు. మాస్టారిది గ్రాంథిక ఛాయలున్న, తప్పులు లేని, కుదురైన భాష. ఆ కుదురే ఆయన కొంప ముంచినట్టుంది. ఆయన ఒక్క మాటా అనలేదు గానీ నేను తలెత్తి చూడలేకపోయాను.

ఇంగ్లీషు డిటెక్టర్ల సంగతే అంతంతమాత్రం. చాట్‌జీపీటీని తయారు చేసిన ఓపెన్ఏఐ సొంతంగా పెట్టిన డిటెక్టర్ ఏఐ రాతల్లో 26 శాతాన్నే పట్టుకునేది, మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని ఏఐ ఖాతాలో వేసేది. కచ్చితత్వం లేదని 2023 జులైలో వాళ్లే దాన్ని ఎత్తేశారు. ఇక తెలుగు కథను వాటి చేతిలో పెట్టడమేమిటి? క్లార్క్స్‌వరల్డ్ అనే అమెరికన్ సైన్స్ ఫిక్షన్ పత్రికకు ఇలాంటి కథల వరద వచ్చి 2023 ఫిబ్రవరిలో కథలు తీసుకోవడమే ఆపేశారు. ఎడిటర్ నీల్ క్లార్క్ అప్పుడే రాశారు, డిటెక్టర్లను నమ్ముకోలేమని.

తర్వాతి ఏడాది మేం ముందుగా హామీ పత్రం మార్చాం. 'నా సొంత రచన, అనువాదం కాదు, అనుకరణ కాదు, ఎక్కడా ప్రచురణకు పంపలేదు' అని మనం ఎప్పటినుంచో రాయించుకునే వాక్యంలో ఏఐ మాటే లేదు. ఆ లోటు ఎక్కడ తగిలిందంటే, ఒకావిడ ముగింపు మాత్రం ఏఐని అడిగి రాశానని తనంతట తానే చెప్పారు. మా నిబంధనల్లో అది తప్పని ఎక్కడా లేదు, కాబట్టి ఆమె కథను ఉంచాల్సి వచ్చింది. ఇప్పుడు విడమరిచి రాస్తున్నాం: కథాంశం, వాక్యాలు, సంభాషణలు, ముగింపు ఏవీ ఏఐతో తయారు చేయించకూడదు. అక్షరదోషాలు సరిచూసుకోవడం, వాయిస్ టైపింగ్, మరొకరి చేత టైపు చేయించుకోవడం తప్పు కాదు. చివరి దశకు వస్తే చిత్తుప్రతి అడుగుతామని, ఫోన్లో మాట్లాడతామని కూడా ప్రకటనలోనే ఉంటుంది. మనిషికి ఒకటే కథ అన్నాక రాశి సగానికి తగ్గింది.

మొదటి వడపోతలో ఎవరు రాశారన్న ప్రశ్నే వేసుకోం. ఇద్దరు విడివిడిగా చదువుతారు, కథ బాగా లేకపోతే పోతుంది. ఊరు పేరు లేని ఊరు, మాండలికం లేని మనుషులు, చివర్లో నీతివాక్యం ఉన్నవి అక్కడే రాలిపోతాయి. ఎవరి మీదా నింద వేయాల్సిన పని ఉండదు. (నీతివాక్యంతో ముగిసే మనుషుల కథలూ కొన్ని వాటితోపాటు పోయాయి. దానికి నేనేమీ బాధపడలేదు.)

చివరికి మిగిలిన 12 మందికీ నేనే ఫోన్ చేస్తాను. అనుమానం ఉన్నవాళ్లకు మాత్రమే కాదు, అందరికీ, అవే ప్రశ్నలతో. చిత్తుప్రతి ఫొటో గానీ, గూగుల్ డాక్స్‌లో రాసి ఉంటే ఎప్పుడెంత రాశారో చూపే వెర్షన్ హిస్టరీ గానీ చూపించమంటాను. మూడు వేల పదాలు ఒక్కసారే వచ్చి పడి ఉంటే అది అడగాల్సిన విషయం, నేరానికి రుజువు మాత్రం కాదు. వేరేచోట రాసి అక్కడ పేస్ట్ చేసి ఉండొచ్చు, ఫోన్లోనే ఒక్క ఊపున రాసేవాళ్లూ ఉన్నారు. అందుకే మాటకే ఎక్కువ విలువ. ఏం రాసి కొట్టేశారు, ఈ పాత్ర ఎక్కడినుంచి వచ్చింది అని పావుగంట కబుర్లాడితే చాలు. రాసినవాళ్లను ఆపడమే కష్టం. ఒకాయన్ని మాత్రం చెరువుగట్టు మీది గుడి గురించి అడిగితే, "కథలో గుడి ఉందాండీ?" అన్నారు.

ఆయన్ని కూడా నేనొక్కణ్ణే తీసేయలేదు. కారణం రాసి పంపి, వారం గడువిచ్చి, న్యాయనిర్ణేత కాని ఇద్దరం కూర్చుని నిర్ణయించాం. జవాబు రాలేదు. పేరు బయట పెట్టలేదు.

మీ ప్రకటన ఇప్పటికే వెళ్లిపోయింది కాబట్టి ఈ ఏడాది కొత్త నిబంధన పెట్టి పాత కథల్ని కొట్టేయకండి. సొంత రచన అన్న హామీ ఎలాగూ ఉంది, దాని ఆధారంగా చివరి జాబితాలో ఉన్నవాళ్లందరితో మాట్లాడండి. ఫలితాల తేదీని మూడు వారాలు జరిపి, ఆ సంగతి ఇప్పుడే అందరికీ చెప్పేయండి.