పీక్ ఫ్లో డైరీ నుంచి మూడు రంగుల కాగితం

ప్రశ్న: మా అమ్మకు 54 ఏళ్ళు, ఆస్తమా. మాది పాకాల దగ్గర పల్లె. తిరుపతిలో డాక్టరు మందు పీల్చే పంపు మార్చి, ఊదే గాలి వేగం చూపించే పీక్ ఫ్లో మీటరు కొనిపించి, మూడు వారాలు రెండు పూటలా రాయమన్నారు. మొదటి వారం 240 నుంచి 310, మూడో వారం 320 నుంచి 340 వచ్చాయి. ఒకరోజు మాత్రం 410, 325, 330. చీటీలో బుడెసొనైడ్-ఫార్మోటెరాల్ పొద్దున రెండు, రాత్రి రెండు పఫ్స్, సాల్బుటమాల్ ఎస్‌ఓఎస్, అంటే అవసరమైనప్పుడు మాత్రమే, అని ఉంది. "రీడింగు తగ్గితే మందు పెంచండి" అన్నారు. దీన్ని పచ్చ, పసుపు, ఎరుపు అని గోడకు అంటించే కాగితంగా ఎలా మార్చాలి?

జవాబు:

ముందు ఆ 410ని కొట్టేయండి. మీ కాగితం మొత్తం ఒకే ఒక్క అంకె మీద నిలబడుతుంది, ఆ అంకె 410 అయితే అంతా తప్పుతుంది.

మూడుసార్లు ఊదిన అంకెలూ విడివిడిగా రాసిపెట్టారు కాబట్టే ఆ తప్పు దొరికింది. చాలామంది పెద్దది ఒక్కటే రాసి ఊరుకుంటారు. సరిగ్గా ఊదితే మూడింటిలో పెద్దవి రెండూ 40కి మించి తేడా రాకూడదు. ఇక్కడ 410కీ 330కీ మధ్య 80 తేడా ఉంది. ఊపిరితిత్తుల్లో ఆ ఒక్క క్షణం ఏదో మెరుగుపడి అలా రాదు. గొట్టంలోకి దగ్గినా, ఉమ్మినట్టు నాలుకతో తోసి ఊదినా ముల్లు ఒక్కసారిగా పైకి ఎగురుతుంది. నాలుక గొట్టం కింద ఉండాలి, పెదాలు చుట్టూ బిగించాలి, నిలబడి నిండా గాలి పీల్చి ఒక్క ఊపున వదలాలి. బుగ్గలు ఉబ్బితే అది బుగ్గల గాలి. అలాంటి రోజు నాలుగోసారి ఊదించి చూసుకోండి.

410 పోతే మిగిలిన వాటిలో పెద్దది 340. అదే అమ్మగారి సొంత గరిష్ఠం. సగటు తీయకండి. మొదటి వారం 310ని కూడా తీసుకోకండి, ఎందుకంటే అప్పటికి కొత్త పంపు ఇంకా పూర్తిగా పనిచేయడం మొదలుపెట్టలేదు. ఆయాసం అదుపులో ఉన్న రోజుల్లో వచ్చిన పెద్ద అంకెనే లెక్కకు తీసుకోవాలి.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. మీటరు పెట్టెలో ఎత్తు, వయసు చూసుకునే చార్టు ఒకటి వస్తుంది. చాలా ఇళ్ళలో అందులోని అంకెను తెచ్చి కాగితం మీద రాసేస్తున్నారు. అది ఎవరో వేలమంది మీద కట్టిన లెక్క, మీ అమ్మగారి ఊపిరి కాదు. సొంత డైరీ ఉన్నవాళ్ళకు ఆ చార్టుతో పనిలేదు.

ఇప్పుడు లెక్క. గరిష్ఠంలో 80 శాతం, ఆ పైన పచ్చ, 50 శాతం లోపు ఎరుపు, మధ్యలోది పసుపు. 340లో 80 శాతం 272, 50 శాతం 170. మీటరు మీద గీతలు పదేసి చొప్పున ఉంటాయి, కాబట్టి 272ని పైకి జరిపి 280 చేయండి. ఎప్పుడూ పైకే జరపాలి, అప్పుడు హెచ్చరిక కాస్త ముందే వస్తుంది. 410 పట్టుకుని ఉంటే పచ్చ గీత 328 దగ్గర పడేది. హాయిగా ఉండి 320 ఊదిన పొద్దున కూడా పసుపు అని చూపించేది. పది రోజులు అలా జరిగితే ఆ కాగితాన్ని ఇంట్లో ఎవరూ పట్టించుకోరు. 310 పట్టుకుంటే దానికి వ్యతిరేకంగా, ఎరుపు గీత 155కి దిగిపోయేది. 160 ఊదిన రోజు, నిజానికి ఆసుపత్రికి పోవాల్సిన రోజు, "ఇంకా పసుపే కదా" అని ఇంట్లోనే కూర్చునేవాళ్ళు.

మామూలు కాగితాల్లో పసుపు ఒకటే గది. మీకు మాత్రం దాన్ని రెండుగా చీల్చమంటాను. కారణం మీ ఊరు. తిరుపతిలో రుయా ఆసుపత్రికో స్విమ్స్‌కో పది నిమిషాల్లో చేరేవాళ్ళ సంగతి వేరు, పల్లె నుంచి బండి దొరికి అక్కడికి చేరేసరికి గంట పైనే పడుతుంది. 170కి దిగాక బయలుదేరితే ఆ గంట దారిలోనే గడిచిపోతుంది. 340లో 65 శాతం 221, పైకి జరిపితే 230. ఆ గీత దగ్గర "ఫోన్ చేయాలి, బండి మాట్లాడి పెట్టాలి" అని రాసుకోండి. ఇలా చీల్చడం కొత్తేమీ కాదు, డాక్టరుగారికి చూపిస్తే ఒప్పుకుంటారు.

అంటే గదులు ఇలా వస్తాయి: 280, ఆ పైన పచ్చ. 230 నుంచి 280 లోపు పై పసుపు. 170 నుంచి 230 లోపు కింది పసుపు. 170 లోపు ఎరుపు. ఈ అంకెలన్నీ పంపు వేసుకోకముందు ఊదినవే అయి ఉండాలి. పొద్దున లేచాక, సాయంత్రం, అదే మీటరుతో. పక్కింటివాళ్ళ మీటరుతో ఊది పోల్చకండి, కంపెనీ మారితే అంకె మారుతుంది.

ఇక అసలు కష్టం "తగ్గితే పెంచండి" అన్న మాటతో. డాక్టరుగారు తెలిసే చెప్పారు, కానీ రాత్రి రెండు గంటలప్పుడు ఆ మాట ఎవరికీ ఉపయోగపడదు. ఎంతకు తగ్గితే, ఏ మందు, ఎన్ని పఫ్స్, ఎంతసేపటికి మళ్ళీ చూడాలి, మెరుగు లేకపోతే ఏం చేయాలి అన్న ఐదూ ఉంటేనే అది గదిలో రాయదగిన వాక్యం అవుతుంది. పచ్చ గదికి మీ చీటీ చాలు: పొద్దున రెండు, రాత్రి రెండు, బాగున్నా మానకూడదు. పసుపు గదులకు చాలదు. అక్కడ మీరు ఊహించి నింపకండి. ఖాళీలు పెట్టి తీసుకెళ్ళి, వాటిని డాక్టరుగారి పెన్నుతోనే నింపించండి.

అడగాల్సినవి మూడే. మొదటిది, పసుపులో సాల్బుటమాల్ ఎన్ని పఫ్స్, ఎన్నిసార్లు. మామూలుగా పంపుకు తగిలించే స్పేసర్ డబ్బాతో రెండు నుంచి నాలుగు పఫ్స్ వేసి, 20 నిమిషాలకు మళ్ళీ ఊదించి చూస్తారు, గంటలో మూడుసార్ల వరకు.

రెండోది, "పెంచండి" అంటే ఏ పంపును. ఇది తప్పకుండా తేల్చుకోవాలి. బుడెసొనైడ్-ఫార్మోటెరాల్‌కు ఒక వెసులుబాటు ఉంది, ఆయాసం వచ్చినప్పుడు కూడా అదే పంపు వాడే పద్ధతి. అప్పుడు ఫార్మోటెరాల్ 6 మైక్రోగ్రాముల పంపుతో పెద్దవాళ్ళకు రోజంతా కలిపి 12 పఫ్స్ దాటకూడదు. రెండు పూటలవి నాలుగూ అందులోకే వస్తాయి, అంటే అదనంగా మిగిలేవి ఎనిమిది. డాక్టరుగారి ఉద్దేశం ఇదా, లేక ఎస్‌ఓఎస్ సాల్బుటమాలేనా? రెండూ కలిపి ఎడాపెడా వేయకూడదు. రేపు ఎవరైనా సాల్మెటెరాల్ ఉన్న పంపుకు మారిస్తే ఈ వెసులుబాటు పోతుంది, కాగితం మళ్ళీ రాయాలి.

మూడోది, ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ బిళ్ళలు ఇంట్లో ఉంచుకోవాలా, ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని రోజులు, ఏ గీత దగ్గర మొదలుపెట్టాలి. అమ్మగారికి షుగర్ ఉంటే అప్పుడే చెప్పండి, ఈ బిళ్ళతో షుగర్ పెరుగుతుంది. ఆయన రాయకపోతే ఆ వరుసే పెట్టకండి. మందుల షాపులో "ఆయాసం బిళ్ళ" అని అడగ్గానే చేతిలో పెట్టే థియోఫిలిన్ రకాలకు ఈ కాగితంలో చోటు లేదు. సరైన పంపు వేసుకోవాల్సిన గంటలో ఆ బిళ్ళ మింగి పడుకుంటున్నారు మనవాళ్ళు, తెల్లారేసరికి పరిస్థితి ముదురుతోంది.

పసుపు నుంచి బయటపడే దారి కూడా రాయాలి, చాలా కాగితాల్లో ఇదే ఉండదు. పంపు వేశాక 280 దాటి, నాలుగు గంటల తర్వాత కూడా అక్కడే నిలబడితే పచ్చ. నాలుగు గంటల్లోపే మళ్ళీ దిగినా, ఒక పగలూ రాత్రీ పసుపులోనే ఉన్నా డాక్టరుకు ఫోన్. ఫోన్ నంబరు ఆ వరుసలోనే ఉండాలి, కాగితం అడుగున కాదు.

ఎరుపు గదిలో అంకె కంటే పైన లక్షణాలు పెద్ద అక్షరాలతో రాయండి: వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోవడం, పక్కటెముకల మధ్య లోపలికి గుంజడం, పెదాలు నీలంగా మారడం, మత్తుగా ఉండడం. వీటిలో ఒక్కటి కనిపించినా మీటరు వెతకొద్దు, ఊదించొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయాలి, ఇంకొకరు అదే సమయంలో సాల్బుటమాల్ మొదలుపెట్టాలి. మామూలుగా 20 నిమిషాలకోసారి నాలుగు నుంచి పది పఫ్స్ రాస్తారు. స్పేసర్‌లో ఒక్కో పఫ్ వేసి, నాలుగైదు శ్వాసలు తీసుకున్నాకే ఇంకొకటి. పొడి మందు రోటాక్యాప్ ఈ స్థితిలో నమ్మదగింది కాదు, దాన్ని గట్టిగా పీల్చుకునే బలమే అప్పుడు ఉండదు. కూర్చోబెట్టండి, పడుకోబెట్టకండి.

పచ్చలో అంకె ఉన్నా లక్షణం గెలుస్తుంది. 290 ఊదినా రాత్రి పిల్లికూతలతో లేస్తే ఆ రోజు పసుపే. భోగి మంటల పొగ, దీపావళి, ఇంట్లో ఎండుమిరపకాయలు వేయించిన రోజు మధ్యాహ్నం ఇంకోసారి ఊదించండి.

అమ్మగారు కాగితం చదవలేకపోయినా పని జరగాలి. మీటరు పక్కన 280, 230, 170 దగ్గర రంగు టేపు ముక్కలు అంటించండి, ముల్లు ఎక్కడ ఆగిందో చూస్తే చాలు. రెండు పంపులూ చేతికి ఒకేలా తగులుతాయి, కంపెనీని బట్టి రంగులూ మారతాయి. సాల్బుటమాల్ మీద ఎర్ర బొట్టుబిళ్ళ ఒకటి అంటించి, కాగితంలో కూడా "ఎర్ర బొట్టు పంపు" అనే రాయండి. తర్వాత మీ తమ్ముడినో చెల్లెలినో పిలిచి, "అమ్మ 210 ఊదింది, ఇప్పుడేం చేస్తావ్?" అని అడగండి. వేలు కింది పసుపు మీద పెట్టి, ఎర్ర బొట్టు పంపు, ఫోన్, బండి అని గబగబా చెప్పగలగాలి. తడబడితే తప్పు వాళ్ళది కాదు, ఆ గదిలో మాటలు ఎక్కువయ్యాయి, తగ్గించండి.

కాగితం మూలన తేదీ, మీటరు కంపెనీ పేరు, "గరిష్ఠం 340" అని రాయండి. కొత్త పంపు మొదలై మూడు వారాలే కాబట్టి ఆ 340 ఇంకా పెరగొచ్చు. తర్వాత చూపించుకోవడానికి వెళ్ళేముందు రెండు వారాలు మళ్ళీ డైరీ రాయండి. 370 వచ్చి నిలబడితే గీతలు 300, 250, 190కి జరుగుతాయి, టేపు ముక్కలు కూడా పీకి మళ్ళీ అంటించాలి.